మొత్తం వ్యయం పెరుగుతూనే ఉంటే సగటు వ్యయం ఎందుకు తగ్గుతుంది? రొట్టెల బండి లెక్కతో అంచెలంచెలుగా

ఇంటర్ ఎకనామిక్స్‌లో వ్యయ రేఖల పాఠం అయ్యాక పిల్లల నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది: "ఖర్చు పెరుగుతోందంటారు, మళ్ళీ వెంటనే తగ్గుతోందంటారు. రెండూ ఒకేసారి ఎలా?" పట్టికలు బట్టీ పడితే ఈ సందేహం తీరదు. ఒక్క లెక్కను మొదటి నుంచి చివరి వరకు సొంత చేత్తో వేస్తే తీరుతుంది.

మా క్లాసులో ఒక అమ్మాయి ఇదే ప్రశ్నతో వచ్చింది. వాళ్ళమ్మ హైదరాబాద్‌లో సాయంత్రం పూట జొన్న రొట్టెల బండి నడుపుతుంది. ఇద్దరం కూర్చుని ఆ బండి లెక్కే వేశాం. భాగహారాలు తేలిగ్గా తెగడానికి అంకెలను గుండ్రంగా సర్దాను. మా మధ్య నడిచిన మాటలతో సహా ఆ లెక్కను అదే వరుసలో ఇక్కడ ఇస్తున్నాను. పక్కన కాగితం పెట్టుకుని మీరూ వేయండి.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- గ్రాఫ్ కాగితాలు రెండు. ఒకటి సరిపోదు, ఎందుకో 7వ అంచెలో తెలుస్తుంది.
- పెన్సిల్, పారదర్శకంగా ఉండే స్కేలు.
- ఒక కాల పరిమితి. మేం "ఒక సాయంత్రం" అనుకున్నాం. ఖర్చులన్నీ ఆ ఒక్క సాయంత్రానికే లెక్కగట్టాలి.
- ఉత్పత్తికి ఒక మెట్టు. మేం 50 రొట్టెల చొప్పున పెంచుకుంటూ పోయాం.

కాల పరిమితి దగ్గర చాలామంది తొందరపడతారు. నెల అద్దెను, రోజు పిండి ఖర్చును కలిపి కూడితే తర్వాత ఎంత జాగ్రత్తగా వేసినా లెక్క కుదరదు.

## 2. ఖర్చులను రెండు కుప్పలుగా విడదీయండి

ప్రతి ఖర్చునూ ఒకే ప్రశ్న అడగండి: "ఈ సాయంత్రం ఒక్క రొట్టె కూడా చేయకపోతే ఇది తప్పుతుందా?" తప్పకపోతే అది స్థిర వ్యయం. తప్పితే చర వ్యయం.

"స్థలానికి రోజుకి 100 మేడమ్. బండికీ పొయ్యికీ కలిపి ఇంకో 100. వాన పడి బండి పెట్టకపోయినా ఇవ్వాల్సిందే."

"మరి మీ అమ్మ కూలి?"

"అమ్మకి కూలి ఎవరిస్తారు మేడమ్? మా బండే కదా."

"బండి లేకపోతే ఆ సాయంత్రం అమ్మ ఏం చేసేది?"

కాసేపు ఆలోచించింది. "ఇదివరకు ఒక మెస్సులో వంటకి వెళ్ళేది. 400 ఇచ్చేవాళ్ళు."

"ఆ 400 వదులుకునే బండి దగ్గర కూర్చుంటోంది. చేతి నుంచి డబ్బు కదలకపోయినా అది ఖర్చే. ఎన్ని రొట్టెలు చేసినా ఆమె పూట మొత్తం అక్కడే ఉంటుంది కాబట్టి స్థిర వ్యయంలో రాయి."

అలా స్థిర వ్యయం 600 రూపాయలు తేలింది. జొన్నపిండి, గ్యాస్, గంట లెక్కన వచ్చే సాయం మనుషుల కూలి చర వ్యయంలోకి వెళ్ళాయి. అదే సాయం మనిషికి నెల జీతం ఇచ్చి ఉంటే ఆ ఖర్చు మొదటి కుప్పలోకి వచ్చేది. ఎవరికి ఇస్తున్నాం అన్నది ముఖ్యం కాదు. రొట్టెల సంఖ్యతో పాటు ఆ ఖర్చు మారుతోందా లేదా అన్నదే చూడాలి.

## 3. మొత్తం వ్యయాన్ని ముందు వేయండి

సగటు జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు కూడికలు పూర్తి చేయండి.

మొత్తం వ్యయం = స్థిర వ్యయం + చర వ్యయం

| రొట్టెలు | స్థిర వ్యయం (రూ.) | చర వ్యయం (రూ.) | మొత్తం వ్యయం (రూ.) |
|---|---|---|---|
| 0 | 600 | 0 | 600 |
| 50 | 600 | 500 | 1,100 |
| 100 | 600 | 900 | 1,500 |
| 150 | 600 | 1,350 | 1,950 |
| 200 | 600 | 2,000 | 2,600 |
| 250 | 600 | 2,900 | 3,500 |
| 300 | 600 | 4,200 | 4,800 |

ఈ పట్టికలో చివరి నిలువు వరుసను పైనుంచి కిందికి ఒకసారి చూడండి. ఎక్కడా తగ్గదు. ఇంకో రొట్టె చేయాలంటే ఇంకాస్త పిండి, ఇంకాస్త గ్యాస్ కావాలి. అంతకు ముందు పెట్టిన ఖర్చు వెనక్కి రాదు. అందుకే ఉత్పత్తి పెరిగితే మొత్తం వ్యయం పెరగడం తప్ప వేరే దారి లేదు.

సున్నా దగ్గర 600 ఉండడం కూడా గమనించండి. మొత్తం వ్యయ రేఖ మూల బిందువు నుంచి మొదలు కాదు. నిలువు అక్షం మీద 600 దగ్గర మొదలవుతుంది.

## 4. ఒక్కో మెట్టుకు అదనంగా ఎంతైందో తీయండి

ఇదే అసలు అంచె. తొందరలో ఎక్కువమంది దీన్ని దాటేసి సగటుకు పోతారు, తర్వాత ఎక్కడ తేడా వచ్చిందో తెలియక తికమక పడతారు.

పై వరుస మొత్తం వ్యయాన్ని కింది వరుసలోంచి తీసేయండి. వచ్చినదాన్ని 50తో భాగించండి. అదే అదనపు రొట్టె ఒక్కోదానికి అయిన ఖర్చు. దాన్నే పుస్తకంలో ఉపాంత వ్యయం అంటారు.

| మెట్టు | అదనపు ఖర్చు (రూ.) | అదనపు రొట్టె ఒక్కోదానికి (రూ.) |
|---|---|---|
| 0 నుంచి 50 | 500 | 10 |
| 50 నుంచి 100 | 400 | 8 |
| 100 నుంచి 150 | 450 | 9 |
| 150 నుంచి 200 | 650 | 13 |
| 200 నుంచి 250 | 900 | 18 |
| 250 నుంచి 300 | 1,300 | 26 |

"పిండి రేటు మారలేదు కదా మేడమ్. మరి ఒకసారి 8, ఇంకోసారి 26 ఎందుకు?"

"నువ్వు రోజూ చూసేదే కదా. బండి దగ్గర ఏం జరుగుతుందో నువ్వే చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది నాకు ఏ పుస్తకంలోనూ అంత స్పష్టంగా దొరకలేదు. మొదట పెనం కాలేదాకా గ్యాస్ ఊరికే పోతుంది. ఆర్డర్లు పలచగా ఉన్నప్పుడు రొట్టె రొట్టెకీ మధ్య ఖాళీ, సాయం మనిషి గంట కూలి మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఊపు అందుకున్నాక ఒకరు రొట్టె తట్టి పెనం మీద వేయడం, ఇంకొకరు తడి గుడ్డతో అద్ది తిప్పడం, పెనానికి క్షణం తీరిక ఉండదు. అప్పుడే అదనపు రొట్టె 8 రూపాయలకు వస్తుంది.

"150 దాటాక ఇంకొకామెని పిలుస్తాం. కానీ పెనం ఒక్కటే కదా మేడమ్. తట్టిన రొట్టె పళ్ళెంలో పెట్టుకుని ఎదురుచూస్తుంది. ఈలోపు కలిపిన పిండి ఆరిపోతుంది. ఆరితే అంచులు పగులుతాయి. మళ్ళీ వేడినీళ్ళు పోసి పిసకాలి. కొన్ని పెనం మీదే ముక్కలైపోతాయి."

జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురు లేదు. వేడినీళ్ళతో కలిపి, తడి ఆరకముందే తట్టాలి. కాబట్టి పెనం దగ్గర ఆలస్యమైతే పిండీ పాడవుతుంది, కూలీ వృథా అవుతుంది. ఒకే పెనం చుట్టూ మనుషులను పెంచుతూ పోతే ఒక్కో కొత్త మనిషి వల్ల అదనంగా వచ్చే రొట్టెలు తగ్గిపోతాయి. పుస్తకంలో క్షీణ ప్రతిఫలాలు అని చదివేది ఆ పళ్ళెంలో ఆరిపోతున్న రొట్టెనే.

## 5. ఇప్పుడు భాగించండి

సగటు వ్యయం = మొత్తం వ్యయం ÷ రొట్టెల సంఖ్య

| రొట్టెలు | మొత్తం వ్యయం (రూ.) | సగటు వ్యయం (రూ.) |
|---|---|---|
| 50 | 1,100 | 22 |
| 100 | 1,500 | 15 |
| 150 | 1,950 | 13 |
| 200 | 2,600 | 13 |
| 250 | 3,500 | 14 |
| 300 | 4,800 | 16 |

సున్నా రొట్టెల వరుసను వదిలేయండి. 600ని సున్నాతో భాగించలేం. అక్కడ సగటు సున్నా అని రాయకూడదు, 600 అని కూడా రాయకూడదు. చిన్న గీత పెడితే చాలు.

"ఇదే మేడమ్ నాకు అర్థం కానిది. 1,100 నుంచి 1,500కి పెరిగింది. 22 నుంచి 15కి తగ్గింది. ఖర్చు పెరిగినట్టా, తగ్గినట్టా?"

"క్రికెట్ చూస్తావా?"

"చూస్తాను."

"10 ఓవర్లకి 60 పరుగులు. రన్ రేట్ ఎంత?"

"ఆరు."

"పదకొండో ఓవర్‌లో 4 పరుగులే వచ్చాయి. స్కోరు?"

"64. పెరిగింది." ఆగి, "రన్ రేట్ మాత్రం ఆరు కన్నా తగ్గుతుంది."

"ఎందుకు తగ్గింది?"

"ఈ ఓవర్‌లో వచ్చినవి ఆరు కన్నా తక్కువ కదా."

"అదే మాట రొట్టెలకి చెప్పు."

నాలుగో అంచె పట్టికను వెనక్కి తిప్పి చూసుకుంది. "50 రొట్టెల దగ్గర సగటు 22. తర్వాతి 50 రొట్టెలు ఒక్కోటి 8కే వచ్చాయి. 22 కన్నా 8 తక్కువ, అందుకే సగటు కిందికి దిగింది. కానీ 8 రూపాయలైనా అయ్యాయి కాబట్టి మొత్తం పెరిగింది."

ఆమె అన్న ఈ రెండు వాక్యాల్లోనే జవాబు ఉంది. మొత్తం వ్యయం పెరగాలంటే అదనపు రొట్టెకు ఎంతో కొంత ఖర్చైతే చాలు. సగటు వ్యయం పెరగాలంటే ఆ అదనపు ఖర్చు అప్పటిదాకా ఉన్న సగటును దాటాలి. రెండింటికీ పరీక్షలు వేరు కాబట్టి నడకలు వేరయ్యాయి.

మిగతా వరుసలనూ ఇలాగే సరిచూడండి. 150 దగ్గర సగటు 13, తర్వాతి మెట్టులో అదనపు రొట్టె కూడా సరిగ్గా 13. అందుకే 200 దగ్గర సగటు కదలలేదు. ఆ తర్వాత 18 వచ్చింది, సగటు 14కి ఎక్కింది. ఏ వరుసలోనైనా ఈ పోలిక కుదరకపోతే మీ కూడికలో తప్పు ఉందని అర్థం.

## 6. సగటును రెండు ముక్కలు చేసి చూడండి

సగటు ముందు దిగి తర్వాత ఎందుకు ఎక్కుతుందో ఇక్కడ ఇంకా బాగా కనిపిస్తుంది. స్థిర వ్యయాన్నీ చర వ్యయాన్నీ విడివిడిగా రొట్టెల సంఖ్యతో భాగించండి.

| రొట్టెలు | సగటు స్థిర వ్యయం | సగటు చర వ్యయం | సగటు వ్యయం |
|---|---|---|---|
| 50 | 12 | 10 | 22 |
| 100 | 6 | 9 | 15 |
| 150 | 4 | 9 | 13 |
| 200 | 3 | 10 | 13 |
| 250 | 2.40 | 11.60 | 14 |
| 300 | 2 | 14 | 16 |

600 రూపాయలు 50 రొట్టెలు మోస్తే తలకు 12. 100 మోస్తే 6. అంటే 6 రూపాయల భారం దిగిపోయింది. కానీ 250 నుంచి 300కి పోతే దిగే భారం 40 పైసలే. పంచుకునేవాళ్ళు పెరిగేకొద్దీ కొత్తగా వచ్చేవాళ్ళ వల్ల కలిగే లాభం చిన్నదైపోతుంది.

సగటు చర వ్యయం 9 దగ్గర ఆగి పైకి తిరిగింది, చివర్లో జోరందుకుంది. 150 నుంచి 200కి పోయినప్పుడు ఒకవైపు 1 రూపాయి తగ్గింది, ఇంకోవైపు 1 రూపాయి పెరిగింది. రెండూ సమానమై సగటు 13 దగ్గరే నిలిచింది. ఆ తర్వాత పెరిగేదే గెలిచింది.

## 7. గ్రాఫ్ గీసే వరుస

1. మొదటి కాగితం మీద మొత్తం వ్యయం గీయండి. అడ్డంగా 1 సెంటీమీటరుకు 50 రొట్టెలు, నిలువుగా 1 సెంటీమీటరుకు 500 రూపాయలు.
2. నిలువు అక్షం మీద 600 దగ్గర మొదటి చుక్క పెట్టి, మిగిలిన చుక్కలను నున్నగా కలపండి.
3. రెండో కాగితం మీద సగటు వ్యయం, ఉపాంత వ్యయం గీయండి. నిలువుగా 1 సెంటీమీటరుకు 2 రూపాయలు.
4. ఉపాంత వ్యయం చుక్కను మెట్టు మధ్యలో పెట్టండి. 50 నుంచి 100 మెట్టుకు వచ్చిన 8ని 75 దగ్గర గుర్తించాలి.

మొత్తం వ్యయ రేఖనూ సగటు వ్యయ రేఖనూ ఒకే కాగితం మీద గీస్తే ఏమవుతుందో ఆ అమ్మాయి చేసి చూపించింది. 500 రూపాయలకు ఒక సెంటీమీటరు పెట్టిన చోట 13 రూపాయలు కనిపించనే కనిపించవు. సగటు వ్యయ రేఖ అడ్డ అక్షానికి అతుక్కుపోయింది. "సగటు మారడమే లేదు మేడమ్" అంది. మారుతోంది, ఆ కొలతలో మన కంటికి ఆనడం లేదంతే.

ఇప్పుడు మొదటి కాగితం మీద స్కేలు ఆటొకటి ఆడండి. స్కేలు ఒక చివరను మూల బిందువు దగ్గర వేలితో నొక్కిపట్టండి. స్కేలు అంచును 50 రొట్టెల చుక్కకు తాకించండి, నిటారుగా ఉంటుంది. 100 చుక్కకు తిప్పండి, కాస్త వాలుతుంది. 150కి తిప్పండి, ఇంకా వాలుతుంది. 200 చుక్కకు తిప్పబోతే స్కేలు కదపక్కర్లేదు, రెండు చుక్కలూ ఒకే గీత మీద ఉన్నాయి. 250కి మళ్ళీ లేపాలి.

ఆ స్కేలు ఎంత నిటారుగా ఉందో అదే సగటు వ్యయం. వేలి కింద స్కేలు దిగి, ఆగి, లేస్తున్నంతసేపూ చుక్కలు మాత్రం పైకే పోతున్నాయి. ఆ అమ్మాయి ఈ పని మూడుసార్లు చేసి, నాలుగోసారి పక్కనున్న స్నేహితురాలిని పిలిచి చూపించింది.

## 8. పిల్లలు ఎక్కువగా చేసే తప్పులు, వాటిని సరిదిద్దే తీరు

"స్థిర వ్యయం తగ్గుతోంది" అని రాయడం. తగ్గేది సగటు స్థిర వ్యయం. స్థిర వ్యయం 600 దగ్గర కదలకుండా ఉంది కాబట్టే పంచితే తలకు తక్కువ పడుతోంది. వాక్యంలో "సగటు" అనే మాట ఉందో లేదో మళ్ళీ చదువుకోండి.

సగటు పైకి తిరిగిన చోటే క్షీణ ప్రతిఫలాలు మొదలయ్యాయనుకోవడం. మన లెక్కలో ఉపాంత వ్యయం 8 నుంచి 9కి ఎక్కింది 100 దాటగానే. అప్పటికి సగటు వ్యయం ఇంకా దిగుతూనే ఉంది. ముందు ఉపాంత వ్యయం తిరుగుతుంది, తర్వాత సగటు చర వ్యయం, ఆఖరున సగటు వ్యయం. మీ గ్రాఫ్‌లో ఈ వరుస తప్పితే చుక్కలు మళ్ళీ చూసుకోండి.

ఉపాంత వ్యయ రేఖ సగటు రేఖను ఎక్కడపడితే అక్కడ ఖండించడం. సగటు వ్యయం అట్టడుగున ఉన్న చోటే ఖండించాలి. కారణం ఐదో అంచెలో చూశాం: అదనపు ఖర్చు సగటుతో సమానమైనప్పుడే సగటు కదలకుండా ఆగుతుంది.

సగటు తక్కువైన చోటే లాభం ఎక్కువనుకోవడం. ఇది పరీక్షల్లోనే కాదు, వ్యాపారంలో కూడా నష్టం చేసే పొరపాటు. రొట్టె 20 రూపాయలకు అమ్ముతారనుకుందాం. చేసినవన్నీ అమ్ముడుపోతే 200 రొట్టెలకు లాభం 4,000 - 2,600 = 1,400. 250 రొట్టెలకు 5,000 - 3,500 = 1,500. సగటు 13 నుంచి 14కి పెరిగినా లాభం పెరిగింది, ఎందుకంటే 18 రూపాయలు పెట్టి చేసిన రొట్టె 20కి పోయింది. 300కి వెళ్తే అదనపు రొట్టెకు 26 అవుతోంది, లాభం 1,200కి పడిపోతుంది.

జవాబు పత్రం ఇచ్చే ముందు ఇవి చూసుకోండి:

- మొత్తం వ్యయం ఏ వరుసలోనూ తగ్గలేదు కదా?
- సగటు స్థిర, సగటు చర వ్యయాలు కూడితే సగటు వ్యయం వస్తోందా?
- సగటు తగ్గిన ప్రతి చోటా ఉపాంత వ్యయం పాత సగటు కన్నా తక్కువ ఉందా?
- సున్నా ఉత్పత్తి దగ్గర సగటు గడిలో అంకె కాకుండా గీతే ఉందా?

## 9. ఈ లెక్క ఎంతవరకు పనికొస్తుంది

"అయితే మేడమ్, అమ్మ ఎప్పటికీ 250 దాటకూడదా?"

"ఒక్క పెనంతో అయితే దాటకపోవడం మంచిది. రెండో పొయ్యి, పెనం పెడితే?"

ఇప్పటిదాకా వేసింది స్వల్పకాలపు లెక్క. అంటే పెనం ఒక్కటే, దాన్ని మార్చలేం అనుకున్నాం. దీర్ఘకాలంలో ఆ 600 కూడా మారుతుంది. రెండో పొయ్యికి, పెనానికి రోజుకు 200 అద్దె అనుకుంటే స్థిర వ్యయం 800. 300 రొట్టెలను ఒక్కో పెనం మీద 150 చొప్పున చేస్తే చర వ్యయం 1,350కి రెండింతలు, 2,700. మొత్తం 3,500. సగటు 16 నుంచి సుమారు 11.67కి దిగింది.

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. "ఈ రోజే అమ్మకి చెప్తాను."

"ఆగు. 100 రొట్టెలే అమ్ముడయ్యే రోజుకి కూడా వేయి."

వేసింది. ఒక్క పెనమే వెలిగించినా రెండోదాని అద్దె తప్పదు. 800కి 900 కలిపితే 1,700, సగటు 17. ఒకే పొయ్యి ఉన్నప్పుడు అది 15.

"మీ బండి దగ్గర వారంలో ఎన్ని రోజులు 200 దాటుతాయి?"

"శుక్ర, శని, ఆదివారాలు దాటుతాయి మేడమ్. మిగతా రోజులు వంద, నూటయాభై."

"అయితే ఆ మూడు రోజులకే పొయ్యి అద్దెకి ఇస్తారేమో కనుక్కోమను."

కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంటూ, అద్దెకిచ్చే అతను రోజు లెక్కన ఇస్తాడో లేదో సాయంత్రం తనే వెళ్ళి అడుగుతానంది.